వలిసె తేనె పోస్టు: రాసింది, తప్పింది, మళ్ళీ రాసింది

అక్టోబరు 21, సిమిలిగుడ, ఒడిశా

పొట్టంగి వైపు చేలన్నీ పసుప్పచ్చగా విరగబూశాయి. వలిసె పూలు. నూనెగింజ పంట ఇది, ఇక్కడి ఒడియావాళ్ళు అళసి అంటారు. ఇంకో మూడు వారాల్లో పెట్టెలు విప్పి తేనె తీయాలి.

పోయినేడు వచ్చిన తేనె చుట్టాలకీ, బజారులో తెలిసిన ఇళ్ళకీ సరిపోయింది. ఈ ఏడు నలుగురు రైతుల దగ్గర కలిపి 30 పెట్టెలున్నాయి. ఇవన్నీ మన పుట్ట తేనెటీగలవి. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో గూడు పెట్టే చిన్న ఈగ ఇది. వలిసె పూత మీద పెట్టెకు మూడు కిలోలు వచ్చినా తొంభై కిలోలు అవుతుంది. అంత తేనె సిమిలిగుడలో అమ్ముడుపోదు. సాలూరు ఘాటీ దిగి విజయనగరం, విశాఖపట్నం, అక్కడినుంచి హైదరాబాదు పోవాలి. అందుకోసం తెలుగులో ఒక పోస్టు రాయాలనుకున్నాం. మన తేనె ఎలా మొదలైందో చెప్పాలి, చదివినవాళ్ళు ఆర్డరూ పెట్టాలి. ఆ పని ఎలా నడిచిందో రాసుకుందామని ఈ డైరీ.

కాగితాల సంగతి ముందే చూసుకున్నాం. ఒడిశా నుంచి ఆంధ్రాకి సరుకు అమ్మితే అది వేరే రాష్ట్రానికి అమ్మినట్టే, జీఎస్టీ నమోదు ఉండాలి. మామగారి గింజల కొట్టుకి అది ముందునుంచీ ఉంది. ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు తెచ్చుకుని లేబుల్ మీద వేయించాం. సీసా మీద పేరు “వలిసె తేనె” అనే.

నవంబరు 14

తేనె తీయడం అయిపోయింది. మొత్తం 92 కిలోలు. ఒక రైతు దగ్గర రెండు పెట్టెలు తొందరపడి విప్పారు. గదుల మీద ఇంకా మైనం మూత సగం కూడా పడలేదు. ఆ 8 కిలోలు రిఫ్రాక్టోమీటరులో చూస్తే తేమ 22 శాతం. 20 దాటకూడదు. అది పక్కన పెట్టేశాను. వడకట్టుడులో రెండు కిలోలు పోగా 164 సీసాలు నిండాయి. రైతుల ఇళ్ళకు తలా ఒకటి, ఊళ్ళో ముందే చెప్పినవాళ్ళకు 40. పోస్టు మీద అమ్మాల్సినవి 120.

నవంబరు 18

మొదటి పోస్టు పెట్టాను. “తూర్పు కనుమల ఒడిలో, ప్రకృతి ప్రసాదించిన స్వచ్ఛమైన తేనె, రైతు నుంచి నేరుగా మీ ఇంటికి” అని మొదలుపెట్టి, కొండలు, మంచు, పసుపు చేల ఫొటోలు నాలుగు పెట్టాను. ధర రాయలేదు. “వివరాలకు మెసేజ్ చేయండి” అన్నాను.

నవంబరు 21

మూడు రోజుల్లో లైకులు బాగానే వచ్చాయి. ధర అడిగినవాళ్ళు తొమ్మిది మంది. కొన్నది రెండు సీసాలు, ఆ రెండూ మా పిన్ని కూతురు.

రాత్రి విశాఖపట్నం నుంచి ఆడపడుచు ఫోను చేసింది. “వదినా, నీ పోస్టులో మన పేరు తీసేసి ఇంకెవరి పేరు పెట్టినా అతికిపోతుంది. నాన్న సంతలో గింజలు ఊదే సంగతి ఎందుకు రాయలేదు?”

ఆ మాటతో నిద్ర పట్టలేదు. నిజమే. మా తేనె పుట్టింది తేనె కోసం కాదు, నూనెగింజ కోసం.

మామగారు ముప్పై ఏళ్ళుగా కుండులి సంతలో వలిసెలు కొంటున్నారు. బస్తాలో చెయ్యి దూర్చి గుప్పెడు తీసి, రెండు అరచేతుల మధ్య నలిపి, ఊదుతారు. తాలు గింజ ఎగిరిపోతుంది, నిండు గింజ చేతిలో మిగులుతుంది. ఎంత మిగిలిందో చూసి ధర కడతారు. ఆరేళ్ళ కింద నందపురం దారిలోని ఒక ఊరి రైతు బస్తాలో ఊదితే ఎగిరింది చాలా తక్కువ. మరుసటేడూ అంతే. పక్క చేల వాళ్ళది మామూలే. ఆ రైతుని అడిగితే ఎరువు వేయలేదు, విత్తనమూ అందరిదే అన్నాడు. మామగారు వాళ్ళింటికి వెళ్ళి చూస్తే, వెనక గోడలో పూడ్చిన కుండలో తేనెటీగలు. వాళ్ళ తాత నాటినుంచీ ఉన్నాయట.

వలిసె మొక్క తన పుప్పొడితో తాను గింజ కట్టలేదు. పక్క మొక్క పుప్పొడి రావాలి, దాన్ని తెచ్చేది ఈగ. ఈగ రాకపోతే పువ్వు బాగా పూసినా గింజ తాలుపోతుంది. ఈ సంగతి తెలిశాక మామగారు కొట్టు డబ్బుతో మూడు పెట్టెలు చేయించి ఆ ఊళ్ళో ముగ్గురికి ఇచ్చారు. గింజ బాగుంటే తనకు మంచి సరుకు, అంతే ఆయన లెక్క. తేనె వచ్చాక దాన్ని ఎవరు కొంటారన్న ప్రశ్న వచ్చింది. సంతలో కిలో 250 అడిగారు. ఆ ధరకి ఇవ్వడం ఇష్టంలేక మేమే సీసాల్లో పోశాం.

ఇదంతా మా ఇంట్లో రోజూ వినే మాట కాబట్టి ఇది కథ అనే నాకు తోచలేదు.

నవంబరు 22

పొద్దున్నే మామగారితో కలిసి ఆ ఊరు వెళ్ళాను, రైతుని అడగకుండా ఆయన కథ రాయకూడదు కదా. ఆయన్ని నేను పెదనాన్న అని పిలుస్తాను.

“మా పెట్టె వేసుకోండమ్మా, మా చేను వేసుకోండి. మొహం వద్దు. ఊరి పేరూ వద్దు” అన్నాడు. పోయినేడు ఎవరో రాత్రిపూట వచ్చి ఒక పెట్టె పగలగొట్టి గూడు పిండుకుపోయారు. పిల్ల ఈగలతో సహా పోయాయి. అందుకే పోస్టులో ఊరి పేరు తీసేసి “నందపురం దారిలో” అని మాత్రమే రాయాలని అనుకున్నాం. “రైతు పేరు లేకపోతే నమ్ముతారా?” అని నాకు గుబులుగా ఉండేది. కానీ ఎవరి పేరూ లేకుండా ఒక చేతిని దగ్గరగా చూపిస్తే చాలని తర్వాత తెలిసింది.

ఫొటో ఆ చేతిదే. పెదనాన్న అరచేతిలో ఊదిన తర్వాత మిగిలిన నల్లటి వలిసె గింజలు, వేళ్ళ సందుల్లో ఇరుక్కున్న పొట్టు, వెనక మసకగా పెట్టె కాళ్ళు. చీమలు ఎక్కకుండా ఆ కాళ్ళ కింద నీళ్ళు పోసిన చిప్పలున్నాయి. ఒక చిప్పలో ఒక ఈగ పడి తేలుతుంటే ఆయన మాట్లాడుతూనే గడ్డిపరకతో దాన్ని తీసి పెట్టె మీద పెట్టాడు. అది నేను ఫొటో తీయలేకపోయాను, రాశాను.

నవంబరు 23

ఏం రాయాలో కంటే ఏం తీసేయాలో తేల్చుకోవడానికే రోజంతా పట్టింది. “ఆర్గానిక్” తీసేశాను. రైతులు మందు కొట్టరని నాకు తెలుసు, కానీ సర్టిఫికెట్ లేకుండా ఆ మాట వాడకూడదు. “దగ్గు తగ్గుతుంది, షుగరు ఉన్నవాళ్ళు కూడా” లాంటివి మా మరిది చేర్చమన్నాడు, ఒప్పుకోలేదు. “పెట్టెలు పెట్టాక గింజ దిగుబడి ఇంత పెరిగింది” అని రాయాలని నాకే ఉండేది. కానీ ఆ ఏళ్ళలో వానా వేరు, విత్తిన రోజూ వేరు. పక్కపక్కన రెండు మళ్ళు పెట్టి తూచి చూడలేదు. కాబట్టి మామగారు కళ్ళతో చూసింది మాత్రమే ఉంచాను.

ధర పోస్టులోనే రాయాలని నిర్ణయించాం. తొమ్మిది మంది ధర అడిగి వెళ్ళిపోయారంటే, అడగాల్సి రావడమే వాళ్ళకి అడ్డమైందని నాకు అర్థమైంది. అరకిలో సీసా 340. రైతుకి కిలోకి 400, అంటే సీసాకి 200. సీసా, మూత, లేబుల్, సీలు, అట్టపెట్టె, వడకట్టుడు కలిపి మరో 60. మిగిలిన 80లో పరీక్ష ఖర్చు, పగిలినవీ, మా కూలీ. ఈ లెక్కంతా పోస్టులో పెడితే కిరాణా చీటీలా ఉంటుంది. “340లో 200 రైతు చేతికి” అన్న ఒక్క మాట ఉంచాను.

ఆర్డరు లింకు మీద కొంచెం తల పెట్టాను. ఫేస్‌బుక్కుకి ఒకటి, వాట్సాప్ స్టేటస్‌కి ఇంకొకటి. నొక్కగానే మెసేజ్ సగం రాసి ఉంటుంది, వాళ్ళు ఎన్ని సీసాలో, పిన్‌కోడ్ ఏమిటో నింపి పంపితే చాలు.

```
https://wa.me/91XXXXXXXXXX?text=FB%20VALISE%20500g%20x%20__%20PIN%20__
https://wa.me/91XXXXXXXXXX?text=ST%20VALISE%20500g%20x%20__%20PIN%20__
```

మెసేజ్ మొదట్లో FB ఉంటే ఫేస్‌బుక్కు, ST ఉంటే స్టేటస్. ఎవరు ఎక్కడ చదివి వచ్చారో అడగక్కర్లేదు. పిన్‌కోడ్ ముందే వస్తే కొరియరు ఎంతో మొదటి జవాబులోనే చెప్పేయొచ్చు.

నవంబరు 24

పెట్టిన పోస్టు ఇది:

“కుండులి సంతలో మా మామగారు గింజ కొనేముందు గుప్పెడు తీసి ఊదుతారు. తాలు ఎగిరిపోతుంది. ఆరేళ్ళ కింద ఒకాయన బస్తాలో పెద్దగా ఏమీ ఎగరలేదు.

ఎందుకో తెలుసుకోవడానికి ఆయన ఇంటికి వెళ్ళారు. వెనక గోడలో ఒక కుండ, కుండలో తేనెటీగలు. వలిసె మొక్క తన పుప్పొడితో తాను గింజ కట్టుకోలేదు, పక్క మొక్క పుప్పొడి ఈగే తేవాలి. ఆయన చేలో ఈగలున్నాయి, అందుకే గింజ నిండింది.

అప్పటినుంచి పెట్టెలు పెడుతున్నాం. మొదట మూడు, ఇప్పుడు నలుగురు రైతుల దగ్గర 30. తేనె మా లెక్కలో లేదు, గింజ కోసం పెట్టాం. తేనె వచ్చింది.

ఫొటోలో చెయ్యి ఆ రైతుది. మాట్లాడుతూనే చీమల చిప్పలో పడిన ఈగను గడ్డిపరకతో తీసి ఆరబెట్టాడు.

ఈ ఏడు వలిసె పూత మీద తీసిన తేనె, అరకిలో 340. అందులో 200 రైతు చేతికి. కొరియరు వేరే. 118 సీసాలున్నాయి, వచ్చే పూత దాకా మళ్ళీ రావు. ఏడాది నిండని పిల్లలకు తేనె పెట్టకండి.

కావాలంటే కింది లింకు నొక్కి ఎన్ని సీసాలో, మీ పిన్‌కోడ్ రాయండి.”

మొదటి మూడు వాక్యాల మీదే ఎక్కువసేపు కూర్చున్నాను. ఫోనులో వాటి తర్వాత “మరింత చూడండి” వచ్చేస్తుంది. బస్తాలో ఏమీ ఎగరలేదన్న చోట ఆగితే, ఎందుకో చూద్దామని నొక్కుతారు. “తేనె” అన్న మాట ఆ మూడింట్లో లేదు. ఆడపడుచు భయపడింది, నేను ఉంచేశాను.

నవంబరు 30

ఆరు రోజుల్లో 61 సీసాలు. FBవి 38, STవి 23. స్టేటస్ చూసేవాళ్ళు చాలా తక్కువ, అయినా అన్ని వచ్చాయంటే తెలిసినవాళ్ళ ఫోనులో చదివితే నమ్మకం ఎక్కువన్నమాట. వచ్చిన మెసేజుల్లో ధర అడిగినవాళ్ళు ఇద్దరే. ఎక్కువమంది ఊదడం గురించి రాశారు. పార్వతీపురంలో ఒక పెద్దావిడ, “మా నాన్న నువ్వులు ఇలాగే ఊదేవాడమ్మా” అని వాయిస్ మెసేజ్ పెట్టి మూడు సీసాలు అడిగింది.

డిసెంబరు 9

నాలుగు రోజులుగా ఆర్డర్లు ఆగిపోయాయి.

హైదరాబాదులో ఒకావిడ పోస్టు కింద ఫొటో పెట్టింది. సీసాలో తేనె అడుగునుంచి ముప్పాతిక దాకా నెయ్యిలా గడ్డకట్టి, పాలిపోయిన పసుపు రంగులో ఉంది. “ఇది పంచదార పాకం. కథలు బాగా చెప్తారు” అని రాసింది. దాని కింద ఇంకో ఐదుగురు తమ సీసాలవీ అలాంటి ఫొటోలే పెట్టారు. ఫోనులూ వచ్చాయి.

తప్పు నాదే. వలిసె తేనె తొందరగా గడ్డకడుతుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. మేము చలికాలంలో చెంచాతో గీరుకునే తింటాం. పోస్టులో ఒక్క ముక్క రాయలేదు. కథ అందంగా ఉండాలని, సీసా తెల్లారి ఎండలో బంగారంలా మెరిసే ఫొటో కూడా పార్శిలుతో పంపాను.

అందరికీ విడివిడిగా ఫోను చేశాను. చెప్పింది ఇదీ: తేనెలో ముఖ్యంగా రెండు చక్కెరలుంటాయి, గ్లూకోజు, ఫ్రక్టోజు. గ్లూకోజుకి నీళ్ళలో కరిగే గుణం తక్కువ. అది ఎక్కువ ఉన్న పూల తేనె ముందు గడ్డకడుతుంది. 14 డిగ్రీల చుట్టూ చలి ఉన్నప్పుడు ఇంకా తొందరగా. డిసెంబరు రాత్రులు మా దగ్గర అంతకంటే కిందికే పోతాయి. కరిగించాలంటే చెయ్యి పెడితే వేడిగా తగిలి, కాలనంత నీళ్ళలో, 40 డిగ్రీలు దాటకుండా, మూత వదులుచేసి సీసా ఉంచండి. పొయ్యి మీద పెట్టొద్దు, వాసన పోతుంది.

ఒకాయన, “అయితే గడ్డకట్టిందంటే స్వచ్ఛమైనదే కదా?” అన్నాడు. కాదని చెప్పాను. కల్తీ కలిపినదీ గడ్డకట్టొచ్చు, మంచిదే అయినా కొన్ని పూల తేనె ఏడాదైనా గడ్డకట్టకపోవచ్చు. నీళ్ళలో చుక్క వేయడం, అగ్గిపుల్ల ముంచి వెలిగించడం కూడా ఏమీ తేల్చవు. ల్యాబు పరీక్ష ఒక్కటే దారి, మా రిపోర్టు ఫొటో పంపాను. అలా చెప్పడంవల్ల ఆయన నమ్మకం తగ్గలేదు, మరో సీసా అడిగాడు.

డిసెంబరు 11

వచ్చిన ఫొటోలన్నీ మళ్ళీ పెద్దవి చేసి చూశాను. ఆరింటిలో ఒకటి వేరుగా ఉంది. అడుగున గడ్డ, పైన పల్చటి నీరు లాంటి పొర, దాని మీద సన్నటి నురగ. విశాఖపట్నంలో ఉండే ఆవిడకి ఫోను చేసి మూత తీయమన్నాను. “టప్‌మని శబ్దం వచ్చిందండీ, పుల్లటి వాసన” అంది. అది గడ్డకట్టడం కాదు, పులిసింది. గ్లూకోజు గడ్డగా విడిపోయినప్పుడు మిగిలిన ద్రవంలో నీటి పాళ్ళు పెరుగుతాయి, తేమ ముందే అంచున ఉంటే పులుపు అక్కడ మొదలవుతుంది.

లేబుల్ మీద బకెట్ నంబరు 3. ఆ బకెట్‌ని నేనే కొలిచాను, 19.5 వచ్చింది. చాలాసేపు ఆలోచిస్తే తట్టింది. అడుగున కుళాయి దగ్గర చుక్క తీసి కొలిచాను. నీరెక్కువ ఉన్న తేనె తేలిక, పైకి తేలుతుంది. బకెట్‌ని కలపకుండా కొలిస్తే అడుగు మంచిగానే కనిపిస్తుంది. ఆఖర్న నింపిన సీసాల్లోకి ఆ పైతేనె దిగింది. కొట్లో ఉన్న వాటిలో ఆ బకెట్ ఆఖరి నాలుగు సీసాలు తీసి చూస్తే 21 చూపించింది.

ఆ వరుసలో బయటికి వెళ్ళినవి మూడు. ముగ్గురికీ డబ్బు తిరిగి ఇచ్చి, వేరే బకెట్‌వి కొత్త సీసాలు పంపాను. ఇకనుంచి బకెట్ అడుగంటా తిప్పి కలిపాకే కొలుస్తాను, పైనా కిందా రెండు చుక్కలు.

డిసెంబరు 14

మూడో పోస్టు. ఈసారి ఫొటోలో గడ్డకట్టిన తేనెలో నిలువుగా నిలబడిన చెంచా. మొదటి వాక్యం: “మా తేనె గడ్డకట్టింది. మీకు ముందే చెప్పాల్సింది, చెప్పలేదు.” తర్వాత గ్లూకోజు సంగతి, కరిగించే పద్ధతి, రొట్టె మీద రాసుకునే పద్ధతి. ఆపైన నురగ, పుల్లటి వాసన ఉంటే అది పులిసినట్టనీ, అలాంటి సీసాలు మూడు మా దగ్గర్నుంచి వెళ్ళాయనీ, ఏ బకెట్‌వో కూడా రాశాను. మరిది వద్దన్నాడు. మామగారు చదివించుకుని, “బస్తాలో రాళ్ళుంటే మనమే ముందు చెప్తాం కదా, ఇదీ అంతే, పెట్టమ్మా” అన్నారు.

గింజ కథ రెండు వాక్యాల్లో ఉంచి, పాత పోస్టుకి దారి ఇచ్చాను. ఆ గింజ పోస్టుని తీసేయలేదు. దాని కింద హైదరాబాదు ఆవిడ కామెంటూ తీసేయలేదు, జవాబు రాశాను. ఇద్దరం రెండు రోజులు అక్కడే మాట్లాడుకున్నాం. అది చదివి ఆర్డరు పెట్టినవాళ్ళూ ఉన్నారు.

జనవరి 3

మిగిలిన సీసాలన్నీ అయిపోయాయి. ఇది గింజ పోస్టంత వేగంగా నడవలేదు, మూడు వారాలు పట్టింది. అయితే ఒక్క ఫిర్యాదూ లేదు. పదకొండు మంది “గడ్డకట్టినదే పంపండి, మేము కరిగించం” అన్నారు. పాత కొనుగోలుదార్లలో మళ్ళీ అడిగినవాళ్ళు పధ్నాలుగు మంది, ఎక్కువమంది మొదట భయపడి ఫోను చేసినవాళ్ళే. హైదరాబాదు ఆవిడ రెండు సీసాలు తీసుకుంది.

ఈ రెండు పోస్టుల పైనా మొదటి వరుస మార్చాను: “ఈ ఏడు తేనె అయిపోయింది. వచ్చే కార్తీకం పూతకి పేరు రాయించుకోవాలంటే లింకు నొక్కి PIN పంపండి, డబ్బు ఇప్పుడు వద్దు.” ముప్పై రెండు పేర్లు వచ్చాయి.

జనవరి 10

కుండులి సంత. కోత అయి వలిసెలు దిగుతున్నాయి. పెదనాన్న బస్తా తెచ్చాడు. మామగారు గుప్పెడు తీసి నలిపి, ఊదబోతూ ఆగి, “ఫోను తియ్యమ్మా” అన్నారు. ఈసారి వీడియో తీశాను. పొట్టు కొంచెం ఎగిరింది. ఆయన చెయ్యి తెరిచి చూపించారు, పెదనాన్న వంగి తన గింజలు తానే లెక్క చూసుకుంటున్నాడు. వచ్చే ఏటి పోస్టు దీంతోనే మొదలుపెడతాను. ముందు ఆ పగిలిన పెట్టె స్థానంలో కొత్తది చేయించాలి, వడ్రంగికి చెప్పాను.